సంతాప సందేశాన్ని అరువు మాటల నుంచి సొంత మాటల్లోకి తిరగరాయడం ఎలా?

స్నేహితురాలి ఇంట్లో మరణం సంభవించిందని తెలుస్తుంది. ఫోను చేతిలోకి తీసుకుంటాం. ఏం రాయాలో తోచదు. చివరికి అందరూ రాసేదే రాసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి తగిలించి పంపేస్తాం. పంపాక మనసు ఒప్పుకోదు. ‘ఇంతకంటే బాగా ఎలా రాయాలి?’ అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకే ఒక సందేశాన్ని తీసుకుని, మొదటి చిత్తు నుంచి పంపడానికి సిద్ధమైన రూపం దాకా ఇక్కడ తిరగరాద్దాం.

అరిగిపోయిన మాటల వెనక ఉన్న ఉద్దేశం అబద్ధం కాదు. ‘తీరని లోటు’ అని రాసేవారికి నిజంగానే ఏదో లోటు తెలుస్తోంది. కానీ ఆ లోటు ఏమిటో ఆ మాటలో కనబడదు. కాబట్టి పాత మాటను కొట్టేసి దాని స్థానంలో ఇంకాస్త అందమైన మాట పెట్టడం వల్ల ఉపయోగం లేదు. దాని కింద మనం నిజంగా చెప్పదలచుకున్నది ఏమిటో పట్టుకుని, ఆ స్నేహితురాలితో రోజూ మాట్లాడే భాషలోనే చెప్పాలి.

## 1. రాయడానికి ముందు

ముందు కాగితం మీద ఈ నాలుగు విషయాలు రాసుకోండి. అయిదు నిమిషాలు చాలు.

- పోయినవారిని మీరు ఏమని పిలిచేవారు? నాన్నగారు, అంకుల్, బాబాయి, పేరు పెట్టి అయితే ఆ పేరు. సందేశంలోనూ అదే పిలుపు ఉండాలి.
- మీకు ఖాయంగా తెలిసింది ఎంత? కారణం, సమయం, చివరి రోజుల వివరాలు విన్నమాటలే అయితే రాయకండి.
- ఈ కబురు స్నేహితురాలే చెప్పిందా, ఇంకొకరి ద్వారా తెలిసిందా? తను ఇంకా బయటపెట్టని విషయమైతే సందేశం ఆమె ఒక్కదానికే వెళ్లాలి, అందరూ చూసే చోటికి కాదు.
- వారి ఇంట్లో నమ్మకాలు ఏమిటి? తెలియకపోతే ఆత్మ, స్వర్గం, దేవుడి సంకల్పం వంటివేవీ తీసుకురావద్దు. మీ నమ్మకం మీకు ఎంత ఓదార్పునిచ్చినా, అది ఆమెకు అదే ఇస్తుందని అనుకోలేం.

ఇవి ముందుగా రాసుకోకపోతే రాసేటప్పుడు చెయ్యి దానంతటదే పాత వాక్యాల వైపు వెళుతుంది. చెప్పడానికి సొంత సరుకు లేనప్పుడే అరువు మాట అవసరమవుతుంది.

## 2. మనం తిరగరాయబోయే చిత్తు

స్నేహితురాలి పేరు మాధవి అనుకుందాం. రాసేది ఆమె కాలేజీ స్నేహితురాలు సుధ. మాధవి నాన్నగారు ఏడాదిగా జబ్బుతో ఉన్నారు. మాధవి ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి రాత్రుళ్లు ఆయన దగ్గరే ఉండేది. నిన్న ఆయన పోయారు. సుధకు ఈ సంగతి ఇంకో స్నేహితురాలి ద్వారా తెలిసింది. ఆమె రాసిన మొదటి చిత్తు ఇది:

> మీ నాన్నగారి మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. ఆయన లేని లోటు తీరనిది. ఆయన పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని, మీ కుటుంబానికి మనోధైర్యం ప్రసాదించాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. ఎంతకాలమని బాధపడతారు, ఇప్పటికైనా ఆయనకు విముక్తి దొరికింది. పుట్టినవారు గిట్టక తప్పదు, ధైర్యంగా ఉండు. ఇకపై అమ్మను నువ్వే చూసుకోవాలి. కాలమే అన్ని గాయాలనూ మాన్పుతుంది. ఏ అవసరం వచ్చినా మొహమాటపడకుండా అడుగు.

ఇందులో చెడ్డ ఉద్దేశం ఒక్కటీ లేదు. అయినా పేరు మారిస్తే ఇదే సందేశం ఎవరికైనా పంపవచ్చు. మాధవి నాన్నగారు ఇందులో ఎక్కడా కనబడరు. మాధవి కూడా కనబడదు.

## 3. ఒక్కో వాక్యాన్నీ విప్పి చూడడం

ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఇది మాధవి ఎదురుగా కూర్చున్నప్పుడు నా నోటితో అనగలనా? అనలేకపోతే, ఆ చోట నేను నిజంగా ఏమంటాను?’ అని అడగండి. తిరగరాయడంలో అసలు పనంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడవద్దు.

‘తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను.’ ఇది ప్రకటనల భాష. రోజూ ‘నువ్వు’ అని పిలుచుకునే ఇద్దరి మధ్య ఒక్కసారిగా ఈ భాష వస్తే, చదివే మనిషికి తన స్నేహితురాలు ఎక్కడో దూరంగా వేదిక మీద నిలబడి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషికి అంత దూరం తెలియకుండా ఉండదు. పైగా ఇక్కడ ఇది నిజం కూడా కాదు. ఆయనకు ఏడాదిగా బాగోలేదని సుధకు తెలుసు. ఆమెకు కలిగింది దిగ్భ్రాంతి కాదు. తెలిసినా, ఆ రోజు ఇంత త్వరగా వస్తుందని అనుకోకపోవడం. అదే రాయాలి: ‘ఆయనకు బాగోలేదని తెలిసినా, ఈ కబురు ఇవాళ వింటానని అనుకోలేదు.’

మరణాన్ని చెప్పే క్రియ దగ్గర కూడా ఇదే కొలత. స్నేహితుల మధ్య ‘పోయారు’, ‘చనిపోయారు’ అన్నవి సహజమైన మాటలు. ‘పరమపదించారు’, ‘స్వర్గస్థులయ్యారు’ అన్నవి ఆ ఇంటివారు తాము వాడితే తప్ప మనం ముందుగా వాడనక్కర్లేదు. ‘పార్థివదేహం’, ‘మృతుడు’ వంటివి వార్తలకు వదిలేయండి. ఆమెకు ఆయన ఈ రోజు కూడా నాన్నే.

‘ఆయన లేని లోటు తీరనిది.’ దీని కింద ఒక ప్రశ్న దాగి ఉంది: ఏ లోటు? ఎవరికి? దానికి జవాబు దొరికితే ఈ వాక్యంతో పనే లేదు. ఆ జవాబు వెతకడం గురించి తర్వాతి అంశంలో వివరంగా చెబుతాను.

‘ఆత్మకు శాంతి... ప్రార్థిస్తున్నాను.’ మీరు నిజంగా ప్రార్థన చేసే మనిషై, ఆ ఇంటివారికీ అది ఇష్టమైతే ఉంచండి. కానీ మీరు చేసే పద్ధతిలో చెప్పండి: ‘రాత్రి దీపం పెట్టేటప్పుడు ఆయన్ని తలుచుకున్నాను.’ ఇది జరిగిన పని. ‘ప్రార్థిస్తున్నాను’ అని రాసి ప్రార్థించకపోతే తీసేయడమే నిజాయతీ. సుధకు ఆ అలవాటు లేదు. తీసేసింది.

‘ఇప్పటికైనా ఆయనకు విముక్తి దొరికింది.’ ఈ చిత్తులో అన్నిటికంటే నొప్పించే వాక్యం ఇదే. తండ్రి బాధ తగ్గిందని మాధవే అనుకుంటూ ఉండవచ్చు. అలా అనుకున్నందుకు తనను తానే నిందించుకుంటూ కూడా ఉండవచ్చు. ఆ మాట ఆమె అంటే వినాలి, ఒప్పుకోవాలి. మనం ముందుగా అంటే, ఏడాది పాటు ఆయన్ని నిలుపుకోవడానికి ఆమె చేసినదంతా వృథా అన్నట్టు వినిపిస్తుంది.

ఇలాంటి వాక్యాలను గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. ‘కనీసం’, ‘ఇప్పటికైనా’, ‘ఎలాగూ’, ‘నయం కదా’ అనే మాటలు ఎక్కడున్నాయో వెతకండి. ‘కనీసం పెద్ద వయసులో పోయారు’, ‘నొప్పి తెలియకుండా పోయారు, అదే నయం’, ‘ఎలాగూ మంచం పట్టారు కదా’ వంటి మాటలన్నీ దుఃఖాన్ని తూచి, ఇంతే కదా అని చెప్పేవే. ఆ మాట కనబడిన వాక్యాన్ని సవరించడానికి ప్రయత్నించకండి. మొత్తంగా తీసేయండి.

‘పుట్టినవారు గిట్టక తప్పదు, ధైర్యంగా ఉండు. అమ్మను నువ్వే చూసుకోవాలి.’ ఇందులో మొదటిది ఆమెకు తెలియనిది కాదు. మిగతా రెండూ ఆజ్ఞలు. మీరు రాసే చిత్తులోనూ క్రియల చివరలు ఒకసారి చూడండి. ఉండు, ఏడవకు, తిను, చూసుకో, చూసుకోవాలి, తప్పదు. ఇలాంటివి రెండు దాటితే అది సానుభూతిలా కాకుండా సలహాలా చదువుకుంటుంది. ‘ధైర్యంగా ఉండు’ అన్నమాటకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆ మాట అన్నవారి ముందు మాధవి ఇక ఏడవలేదు.

అయితే దీని కింద సుధకు ఒక నిజమైన ఆలోచన ఉంది. ఈ ఏడాదంతా మాధవి ఎంత బరువు మోసిందో ఆమె చూసింది. ముందు ముందు మోయబోయే బరువును గుర్తుచేయడం కంటే, ఇప్పటిదాకా మోసినదాన్ని చూశానని చెప్పడం మంచిది: ‘ఈ ఏడాది ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి రాత్రుళ్లు ఆయన దగ్గరే ఉన్నావు. అది నేను చూశాను.’ దీర్ఘకాలం సేవ చేసినవారికి తరచుగా మిగిలేది ‘నేను చేయాల్సింది చేశానా?’ అన్న ప్రశ్న. ‘నువ్వు చేయగలిగిందంతా చేశావు’ అని తీర్పు చెప్పడం కన్నా, ఆమె చేసిన ఒక పనిని పేరు పెట్టి చెప్పడమే ఆ ప్రశ్నకు కాస్త ఊరట.

‘కాలమే అన్ని గాయాలనూ మాన్పుతుంది.’ ఇందులో నిజం లేకపోలేదు. ఇబ్బంది ఏమిటంటే ఈ మాట ఇవాళ్టిని దాటేసి ఎప్పుడో రాబోయే రోజుకు వెళ్లిపోతుంది. అబ్రహాం లింకన్ 1862 డిసెంబరులో, యుద్ధంలో తండ్రిని కోల్పోయిన ఫ్యానీ మెకల్లో అనే అమ్మాయికి ఉత్తరం రాశారు. అందులో కాలం గురించి ఆయనా చెప్పారు. కానీ ఎప్పటికైనా మళ్లీ బాగుంటానని నువ్వు ఇప్పుడు నమ్మలేవు, అవునా అని అడిగాకే, మళ్లీ సంతోషంగా ఉంటావని రాశారు. తాను అనుభవించి చెబుతున్నానని కూడా అన్నారు. అంటే ఆ మాట అనడానికి రెండు షరతులు ఉన్నాయి. ఇవాళ్టి నొప్పిని ముందు ఒప్పుకోవాలి. చెప్పేవారు ఆ దారిన నడిచి ఉండాలి. సుధకు తల్లిదండ్రులిద్దరూ ఉన్నారు. కాబట్టి తీసేసింది.

దుఃఖానికి ఐదు దశలుంటాయని చెప్పి, ‘ఇప్పుడు నీకు వచ్చేది కోపం, తర్వాత ఒప్పుకోలు వస్తుంది’ అని రాసేవారు కూడా ఉన్నారు. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్-రాస్ 1969లో వివరించిన ఆ దశలకు ఆధారం, మరణానికి చేరువైన రోగులతో ఆమె జరిపిన సంభాషణలు. అయినవారిని పోగొట్టుకున్న ప్రతి మనిషీ వరుసగా దాటవలసిన మెట్లు కావవి. సందేశంలో వాటికి చోటు లేదు.

‘ఏ అవసరం వచ్చినా అడుగు.’ దీన్ని అయిదో అంశంలో చూద్దాం.

## 4. ఒక జ్ఞాపకాన్ని వెతికి పట్టుకోవడం

చిత్తులో ‘తీరని లోటు’ కొట్టేశాక ఖాళీ మిగిలింది. అక్కడ పోయిన మనిషి కనబడాలి. అందుకు గుణాలు పనికిరావు. ‘మంచివారు, అందరితో కలుపుగోలుగా ఉండేవారు, పెద్ద మనసున్నవారు’ అని రాస్తే అవి కూడా అరువు మాటలే అవుతాయి. ఆయన చేసిన ఒక పని కావాలి.

సుధ మొదట ‘ఆయన చాలా ఆప్యాయంగా ఉండేవారు’ అని రాసింది. ఆప్యాయత ఎక్కడ చూశావని ఎవరైనా అడిగితే? వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు. వెళ్లినప్పుడు ఏం చేసేవారు? మాట్లాడేవారు. ఏం మాట్లాడేవారు? ఇలా అడుగుతూ పోతే ఆమెకు ఇంటి ఫోను గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో మాధవికి ఫోను చేస్తే ముందు ఆయనే ఎత్తేవారు. మాధవి వచ్చేలోపు ‘ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నావు?’ అని అడిగేవారు. జవాబు పూర్తిగా వినేవారు. ఏమీ చదవని వారం ఫోను చేయాలంటే సుధకు బెరుకుగా ఉండేది. చేసేముందు నాలుగు పేజీలైనా తిరగేసేది.

ఇది చాలా చిన్న విషయం. అయినా ఇది మాధవికి తెలిసే అవకాశం తక్కువ. ఆమె వచ్చి ఫోను అందుకునే ముందు జరిగిన సంభాషణ అది. తండ్రి గురించి ఇకమీదట కొత్తగా తెలిసేది ఏమీ లేదని అనుకునే రోజున, తను చూడని ఒక ముక్క ఆమె చేతికి వస్తుంది. సంతాప సందేశంలో మనం ఇవ్వగలిగినవాటిలో ఇంతకంటే విలువైనది నాకు కనబడదు.

జ్ఞాపకం దొరకడానికి ఈ ప్రశ్నలు పనికొస్తాయి:

- ఆయన తరచుగా అనే మాట ఏది? ఆయన గొంతులోనే గుర్తుందా?
- ఆయన చేతులు ఎప్పుడూ ఏ పనిలో ఉండేవి?
- మీకు ఎప్పుడైనా ఏదైనా నేర్పారా, సరిచేశారా, ఇచ్చారా?
- మీ స్నేహితురాలు ఆయన గురించి నవ్వుతూ చెప్పిన సంగతి ఏది?
- ఆయన అలవాటు ఏదైనా ఇప్పుడు మీ స్నేహితురాలిలో కనబడుతుందా?

మూడు జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, జ్ఞాపకం నిజమై ఉండాలి. సందర్భానికి అందంగా ఉంటుందని పెంచి రాయకండి. ఇంటివాళ్లకు ఆయన మాటతీరు తెలుసు, అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. రెండోది, నవ్వు తెప్పించే జ్ఞాపకమైనా ఫర్వాలేదు, ఆ నవ్వు ఆయన మీద ప్రేమతో వచ్చేదైతే. ఆయన్ని చిన్నబుచ్చేదైతే వద్దు. మూడోది, ఆయన అలవాట్లు చెప్పేటప్పుడు ‘అడిగేవారు’, ‘వినేవారు’ అన్న రూపమే వాడండి. ‘అడుగుతారు’ అని రాసి, వెంటనే ‘అడిగేవారు’ అని దిద్దుకున్నట్టు రెండూ కలిస్తే, చదివేవారి చూపు సరిగ్గా ఆ తేడా మీదే ఆగుతుంది.

## 5. సాయం మాటను పనిగా మార్చడం

‘ఏ అవసరం వచ్చినా అడుగు’ అన్నప్పుడు, ఏం కావాలో ఆలోచించడం, ఎవరిని అడగాలో తేల్చుకోవడం, మొహమాటం దాటి అడగడం అన్న మూడు పనులూ దుఃఖంలో ఉన్న మనిషి మీదే పడతాయి. ఆమె అడగదు. మనం అడగమన్నామన్న తృప్తితో ఉండిపోతాం.

దాని బదులు మీరు చేయగలిగిన ఒక్క పని, ఎప్పుడు చేస్తారో చెప్పండి. అది మూడు కొలతలకు నిలవాలి: మీ చేతిలో ఉన్న పనై ఉండాలి, ఆమె తేలికగా వద్దనగలగాలి, ఆమె ఇంటి విషయాల్లో చొరబడకూడదు. పిల్లలను బడి నుంచి తీసుకురావడం, స్టేషనుకు వచ్చే బంధువులను ఇంటికి చేర్చడం, మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుకు తోడు వెళ్లడం వంటివి ఇలాంటి పనులు. దూరాన ఉన్నవారికి ఫోను మీద చేయగలిగిన పనులూ ఉన్నాయి. సుధ వేరే ఊళ్లో ఉంది. పాత స్నేహితులందరికీ ఒకే కబురు పదేపదే చెప్పడం మాధవికి ఎంత కష్టమో ఆలోచించి, ఆ పని తాను తీసుకుంటానంది. ఆమె అనుమతి లేకుండా మాత్రం కాదు.

చేయలేని పని మాటవరసకు కూడా రాయకండి.

## 6. వాక్యాల వరుస

సరుకు చేతికొచ్చాక ఈ వరుసలో పెట్టుకోండి:

1. పేరు పెట్టి పిలుపు, కబురు తెలిసిందన్న మాట, మీ బాధ ఒక్క వాక్యంలో.
2. పోయిన మనిషి గురించి జ్ఞాపకం. సందేశంలో ఎక్కువ చోటు దీనికే.
3. స్నేహితురాలు ఏం చేసిందో, ఏం మోసిందో మీరు చూసిన ఒక సంగతి. తెలియకపోతే వదిలేయండి.
4. ఒక్క సాయం.
5. జవాబు రాయనక్కర్లేదన్న విడుదల.

సాయాన్ని జ్ఞాపకం కంటే ముందు పెడితే సందేశం ఏర్పాట్ల చీటీలా మారుతుంది. మీ బాధను రెండు మూడు వాక్యాలకు పొడిగిస్తే, మిమ్మల్ని ఓదార్చే పని ఆమె మీద పడుతుంది. మీ దుఃఖం నిజమే. దాన్ని చెప్పుకోవడానికి, ఆ మరణానికి మీకంటే దూరంగా ఉన్న మనిషిని వెతుక్కోండి. సుధ ఆ రాత్రి మాట్లాడవలసింది తన అక్కతో, మాధవితో కాదు.

నిడివి ఫోను తెరలో ఒకటి రెండు సార్లు కదిపితే అయిపోయేంత ఉంటే సరిపోతుంది. ఆ రోజుల్లో ఆమెకు పదుల కొద్దీ సందేశాలు వస్తుంటాయి.

## 7. తిరగరాసిన సందేశం

> మాధవీ, నాన్నగారు పోయారని ఇప్పుడే తెలిసింది. ఆయనకు బాగోలేదని తెలిసినా, ఈ కబురు ఇవాళ వింటానని అనుకోలేదు. చాలా బాధగా ఉంది.
>
> కాలేజీ రోజుల్లో మీ ఇంటికి ఫోను చేస్తే ముందు ఆయనే ఎత్తేవారు. ‘మాధవి వస్తోంది, ఈలోపు నువ్వు ఏ పుస్తకం చదువుతున్నావో చెప్పు’ అనేవారు. నీకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, ఏమీ చదవని వారం మీ ఇంటికి ఫోను చేసేముందు నాలుగు పేజీలైనా తిరగేసేదాన్ని. చెప్పిందంతా మధ్యలో ఆపకుండా వినేవారు. ఆ వయసులో నా మాట అంత శ్రద్ధగా విన్న పెద్దవాళ్లు ఇంకెవరూ గుర్తులేరు.
>
> ఈ ఏడాది ఆఫీసు నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి రాత్రుళ్లు ఆయన దగ్గరే ఉన్నావు. అది నేను చూశాను.
>
> మన స్నేహితులకు కబురు చెప్పే పని నాకు వదిలేయి. ‘సరే’ అని ఒక్క మాట పెడితే చాలు, నువ్వు ఎవరికీ విడివిడిగా ఫోను చేయనక్కర్లేదు. ఆదివారం ఉదయం నేను ఫోను చేస్తాను. మాట్లాడాలని లేకపోతే ఎత్తకు. మిగతా దేనికీ జవాబు రాయక్కర్లేదు.
>
> సుధ

చిత్తులోని ఉద్దేశాలు దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి. దిగ్భ్రాంతి రెండో వాక్యమైంది. లోటు ఆ ఫోను సంభాషణగా మారింది. మనోధైర్యం ‘నేను చూశాను’లోకి వచ్చింది. సాయానికి ఒక పని, ఒక రోజు దొరికాయి. విముక్తి, కాలం, పుట్టినవారు గిట్టడం మాత్రం పోయాయి. వాటి స్థానంలో ఏమీ పెట్టలేదు.

ఆఖరున ఉన్న ‘వదిలేయి’, ‘ఎత్తకు’ అన్నవీ ఆజ్ఞా రూపాలే. కానీ అవి ఆమె మీద పని మోపడం లేదు, తీసేస్తున్నాయి. క్రియల చివరలు చూసేటప్పుడు ఈ తేడా గమనించండి.

## 8. పంపే ముందు సరిచూసుకోవలసినవి

పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ మీది కాని మాట ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

- పేరు మారిస్తే ఇదే సందేశం ఇంకొకరికి పనికొస్తుందా? పనికొస్తే జ్ఞాపకం ఇంకా దొరకలేదన్నమాట.
- ‘కనీసం’, ‘ఇప్పటికైనా’, ‘ఎలాగూ’, ‘నయం’ ఏమైనా మిగిలాయా?
- జ్ఞాపకంలో ముఖ్య పాత్ర ఎవరిది? ‘నేను’ ఉండవచ్చు, కానీ కథ ఆయనది కావాలి.
- మీ ఇంట్లో జరిగిన మరణంతో పోలిక తెచ్చారా? ఈ మొదటి సందేశంలో వద్దు.
- ‘ఎలా జరిగింది?’, ‘చివరి క్షణంలో ఎవరున్నారు?’ లాంటి ప్రశ్న ఉందా? తీసేయండి.
- ఫోను దానంతటదే దిద్దిన పేర్లు సరిగా ఉన్నాయా? పోయినవారి పేరు రాస్తే అక్షరం అక్షరం చూడండి.

బొమ్మలు, పువ్వుల చిత్రాలు, ఎవరో పంపిన సూక్తులు జోడించకండి. వాటి పక్కన సొంత మాట కూడా ఎక్కడినుంచో తెచ్చినట్టే కనబడుతుంది.

## 9. సందర్భం వేరైతే

పోయినవారిని మీరు ఎప్పుడూ కలవలేదు. అప్పుడు స్నేహితురాలి మాటల్లోంచే తీసుకోండి. ‘మీ అమ్మగారిని నేను చూడలేదు. కానీ నువ్వు సంతకం పెట్టే ముందు కాగితం రెండుసార్లు చదువుతావు కదా, అది అమ్మ నేర్పిందని ఒకసారి చెప్పావు.’ ఇదీ దొరకకపోతే, ‘నాకు ఆమె తెలియదు, నీకు చెప్పాలనిపించినప్పుడు ఆమె గురించి వినాలని ఉంది’ అనడం చాలు. తెలియనివారిని మహానుభావులంటూ పొగడకండి.

తండ్రితో ఆమెకు పడేది కాదు. ఇక్కడ ఆయన గొప్పతనం రాస్తే ఆమె ఒంటరిదైపోతుంది. ఆమెకు ఏమనిపించాలో మీరు తేల్చకండి. ‘ఈ రోజుల్లో నీకు ఏమనిపిస్తున్నా, అది నా దగ్గర దాచనక్కర్లేదు’ అన్న ఒక్క వాక్యం సరిపోతుంది.

ఆత్మహత్య. కారణం అడగవద్దు, ఊహించవద్దు, ‘ముందే గమనించి ఉంటే’ అన్న ధోరణి ఏ రూపంలోనూ రాకూడదు. ఆ ఇంటివారు ఆ ప్రశ్నతోనే నలుగుతుంటారు. ఆ మనిషి జీవించిన రోజుల్లోంచి ఒక జ్ఞాపకం రాయండి. మిగతా అందరూ మరణం గురించే మాట్లాడుతున్నప్పుడు, అది మాత్రమే ఆ మనిషి గురించి ఉంటుంది.

పసిబిడ్డ. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే రాయండి. ‘మళ్లీ పుడతారు’, ‘ఇంకా వయసుంది’ అన్న మాటలు ఎంత దగ్గరివారైనా అనకూడదు. ఆ బిడ్డకు బదులు ఉండదు.

చాలా ఆలస్యమైంది. నెల దాటినా రాయండి. ఆలస్యానికి కారణాలు చెప్పుకోవడం మీద రెండో వాక్యం ఖర్చు చేయకండి. ‘ముందే రాయాల్సింది’ అని ఒక్కమాట అని జ్ఞాపకానికి వెళ్లండి.

## 10. పంపాక

జవాబు రాకపోతే, ‘నా సందేశం చూశావా?’ అని అడగకండి. ఆదివారం ఫోను చేస్తానన్నారు కాబట్టి చేయండి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయవద్దు. ‘చేశాను. తీరికగా మాట్లాడదాం’ అని పెట్టి ఊరుకోండి.

వచ్చినవారంతా వెళ్లిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక, నెలా రెండు నెలలకు, రెండో సందేశం రాయండి. ఆ సమయానికి చాలామంది రాయడం మానేసి ఉంటారు. ఈ రెండో సందేశానికి కారణం వెతకనక్కర్లేదు: ‘ఇవాళ పుస్తకాల షాపులో మీ నాన్నగారు గుర్తొచ్చారు. ఎలా ఉన్నావు?’ ఆయన పుట్టినరోజు, ఆయన పోయిన తేదీ ఫోనులో గుర్తు పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఆ రోజున ఇలాంటి రెండు వాక్యాలు పంపవచ్చు. గుర్తుచేసి బాధపెడతామేమో అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఆ రోజున ఆమె మరిచిపోయి ఉండదు.

పాత పద్ధతి సందేశం ఇప్పటికే పంపేసి ఉంటే దాన్ని తుడిచేయవద్దు. తుడిచేసిన గుర్తు అవతలి తెర మీద కనబడి లేనిపోని అనుమానం కలిగిస్తుంది. క్షమాపణ పొడవుగా చెప్పవద్దు కూడా. ఒకటి రెండు రోజులయ్యాక ఇలా మొదలుపెట్టండి: ‘మాధవీ, మొన్న రాసినప్పుడు ఇది చెప్పలేకపోయాను.’ ఆ తర్వాత నేరుగా ఆ ఫోను సంగతి రాయండి.